నీళ్లు, నిమ్మరసం గడ్డకట్టించేటప్పుడు ఎంత వెలితి వదలాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మా చిన్నాన్న వాళ్లకు పొదలకూరు దగ్గర నిమ్మతోట ఉంది. ధర పడిపోయినప్పుడల్లా ఒక బస్తా కాయ మా ఇంటికి వచ్చేస్తుంది. దాన్ని పిండి, ఫ్రీజర్లో పెట్టి, రోహిణి కార్తె దాకా వాడుకోవడం మాకు అలవాటు. ఇంకోవైపు మా మరిది ఇందుకూరుపేట దగ్గర రొయ్యల చెరువుల మీద పని చూసుకుంటాడు. ఎండాకాలం వచ్చిందంటే రోజూ పొద్దున్నే అతనికి గడ్డకట్టిన నీళ్ల సీసా ఒకటి కావాలి. ఈ రెండు పనుల్లో పగిలిన సీసాలు, ఉబ్బిపోయిన డబ్బాలు, ఫ్రీజర్ గోడకు అంటుకుపోయిన పులుపు, అన్నీ చూశాక తేలిన లెక్కలు ఇవి. చుట్టాలూ ఇరుగుపొరుగూ మళ్లీ మళ్లీ అడిగేవాటినే ఇక్కడ ప్రశ్నలుగా పెట్టాను.

ముందు ఒక్క ముక్కలో చెప్పండి. ఎంత ఖాళీ వదలాలి?

గిన్నెనో డబ్బానో 12 భాగాలు అనుకోండి. మూత లేకుండా, లేదా మూత వదులుగా పెట్టి గడ్డకట్టిస్తే కనీసం 1 భాగం ఖాళీ ఉండాలి. మూత గాలి దూరకుండా బిగించి పెడితే 2 భాగాలు ఉండాలి. సీసాకు మెడ సన్నగా ఉంటే ఈ లెక్క ఒక్కటే చాలదు, ఆ ఖాళీ ఎక్కడ ఉందో కూడా చూసుకోవాలి. ఈ మూడో మాట దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. దాని గురించి కింద వివరంగా చెప్తాను.

ఐసు 9 శాతం పెరుగుతుందని అంటారు కదా. మరి 12లో 1 ఎక్కడి నుంచి వచ్చింది?

ఆ 9 శాతం నీళ్ల మీద లెక్క. సీసా మీద లెక్క కాదు. 100 మిల్లీలీటర్ల నీళ్లు గడ్డకడితే దగ్గర దగ్గర 109 మిల్లీలీటర్ల ఐసు అవుతుంది. దీన్నే ఇంట్లో గుర్తుండేలా చెప్పుకోవాలంటే, 11 గ్లాసుల నీళ్లు పోస్తే 12 గ్లాసుల ఐసు వస్తుంది. 11ని 1.09తో గుణించి చూడండి, 11.99 వస్తుంది. అంతకంటే తేలికైన లెక్క నాకు దొరకలేదు. 12 గ్లాసులు పట్టే పాత్రలో 11 గ్లాసులు పోస్తే ఐసు సరిగ్గా అంచు దాకా వచ్చి ఆగుతుంది.

సరిగ్గా అంచు దాకా అన్నాను, గమనించండి. ఇది కనీసపు లెక్క. ఫ్రీజర్లో ఐసు పైభాగం ఎప్పుడూ చదునుగా రాదు, మధ్యలో చిన్న గూని లేస్తుంది. అందుకే డబ్బాకు మూత వదులుగా పెట్టినా నేను 12లో ఒకటిన్నర వదులుతాను.

అసలు మధ్యలో ఆ గూని ఎందుకు వస్తుంది?

స్టీలు గిన్నెలో నీళ్లు పోసి ఫ్రీజర్లో పెట్టి, మూడు నాలుగు గంటలకు ఒకసారి తీసి చూడండి. అంచుల వెంట, పైన, గాజులాంటి ఐసు కట్టి ఉంటుంది. లోపల ఇంకా నీళ్లే ఉంటాయి. చలి బయటి నుంచి లోపలికి వస్తుంది కాబట్టి ముందు పెంకు తయారవుతుంది, నడిమధ్యలో ఉన్న నీళ్లు అన్నిటికంటే ఆఖరున గడ్డకడతాయి. అవి గడ్డకట్టేటప్పుడు వాటికీ 9 శాతం చోటు కావాలి. పక్కల పెంకు అప్పటికే గట్టిపడిపోయింది కాబట్టి ఎక్కడ పలచగా ఉంటే అక్కడ, అంటే సాధారణంగా పైన, తోసుకుని లేస్తాయి. అదే ఆ గూని. తెల్లారాక ఆ గడ్డను వెలుతురుకు పెట్టి చూస్తే బయట అద్దంలా, మధ్యలో పాలు కలిపినట్టు తెల్లగా కనిపిస్తుంది. నీళ్లలో కరిగి ఉన్న గాలి అంతా ఐసు తోసుకుంటూ పోయి చివరికి మధ్యలో బుడగలుగా చిక్కుకుపోతుంది, ఆ తెలుపు అదే.

సీసాలు ఎందుకు పగులుతాయో తెలియాలంటే ఈ పెంకు సంగతి గుర్తుపెట్టుకోవాలి. మొత్తం నీళ్లు ఒక్కసారిగా ఉబ్బి సీసాను పగలగొట్టవు. పెంకు మూసుకుపోయాక లోపల చిక్కుకున్న చివరి నీళ్లే పగలగొడతాయి.

మూత బిగిస్తే ఖాళీ రెట్టింపు ఎందుకు?

మనం వదిలిన ఖాళీలో ఏమీ లేదనుకుంటాం. అందులో గాలి ఉంది. మూత బిగిస్తే ఆ గాలి బయటికి పోలేదు, ఐసు పైకి వచ్చే కొద్దీ నలుగుతుంది.

ఒక లీటరు పట్టే సీసాలో 900 మిల్లీలీటర్లు పోసి మూత గట్టిగా బిగించారనుకోండి. 100 మిల్లీలీటర్ల గాలి ఉంటుంది. ఐసు 981 మిల్లీలీటర్లు అవుతుంది. అంటే ఆ 100 మిల్లీలీటర్ల గాలి 19 మిల్లీలీటర్ల చోటులోకి ఇరుక్కోవాలి. చలికి గాలి కొంచెం కుంచించుకుపోతుంది నిజమే, అది కలుపుకున్నా లోపలి ఒత్తిడి బయటి గాలికి నాలుగు రెట్లు పైనే అవుతుంది. కూల్ డ్రింక్ సీసా లాంటిదైతే దీన్ని తట్టుకోవచ్చు. కానీ నొక్కితే టప్‌మని మూసుకునే ప్లాస్టిక్ డబ్బా మూత తట్టుకోదు, అర్ధరాత్రి లేచిపోతుంది. గాజు సీసాను అలా పెట్టడం నాకైతే భయం.

అదే సీసాలో 830 మిల్లీలీటర్లు పోస్తే 170 మిల్లీలీటర్ల గాలి 95 మిల్లీలీటర్లలోకి సర్దుకుంటుంది. ఒత్తిడి ఒకటిన్నర రెట్లు, అంతే. సీసాకు అది లెక్కలోది కాదు. 12లో 2 అని నేను అనేది ఇందుకే.

ఇంకో దారి కూడా ఉంది. రాత్రి మూత వదులుగా పెట్టి, పొద్దున గడ్డకట్టాక బిగించుకోవచ్చు. అప్పుడు ఖాళీ తక్కువ వదిలినా సరిపోతుంది. కాకపోతే వదులు మూత సీసా ఫ్రీజర్లో ఒరిగిందంటే ఇక చెప్పేదేముంది.

మూత ఇంకా గట్టిగా బిగించి, దిట్టమైన సీసా వాడితే ఐసు పెరగకుండా ఆగదా?

ఆగదు. నీళ్లు గడ్డకట్టకుండా ఒత్తిడితో ఆపాలంటే మైనస్ 10 డిగ్రీల దగ్గర మామూలు గాలి ఒత్తిడికి వెయ్యి రెట్లకు పైగా కావాలి. ఇంటి ఫ్రీజర్ సాధారణంగా మైనస్ 18 దగ్గర ఉంటుంది, అక్కడ ఇంకా ఎక్కువ కావాలి. మన వంటింట్లో అంత ఒత్తిడిని ఆపగల పాత్ర ఏదీ లేదు. చోటు ఇవ్వకపోతే ఐసు సీసాను పగలగొట్టుకుని చోటు చేసుకుంటుంది.

మెడ దాకా ఖాళీ వదిలాను, అయినా గాజు సీసా పగిలింది. ఎందుకు?

ఇది నాకూ జరిగింది. మొదటి ఏడాది నిమ్మరసం పిండి, ఖాళీ అయిన షర్బత్ సీసా ఒకటి కడిగి ఆరబెట్టి అందులో పోశాను. 750 మిల్లీలీటర్లు పట్టే గాజు సీసా. మెడ మొదలయ్యే చోటి దాకా పోసి ఆపాను. మెడంతా ఖాళీగా ఉంది కదా, దాదాపు జానెడులో సగం, ఇంకేం కావాలి అనుకున్నాను. మూత బిగించి పెట్టి పడుకున్నాను. పొద్దున తీయబోతే సీసా పైభాగం చేతిలోకి వచ్చింది, అడుగు బిళ్ల ఫ్రీజర్లోనే ఉండిపోయింది. అంత గుండ్రంగా, కత్తితో కోసినట్టు ఊడింది.

తర్వాత కొలిచి చూస్తే తప్పు తెలిసింది. మెడ లోపలి వెడల్పు 2 సెంటీమీటర్లు, పొడవు 7 సెంటీమీటర్లు. అంత మెడలో పట్టేది 22 మిల్లీలీటర్లే, పెద్ద గరిటెడు కూడా ఉండదు. నేను పోసిన 728 మిల్లీలీటర్ల రసానికి కావలసింది 65 మిల్లీలీటర్ల చోటు. కళ్లకు ఎత్తు కనిపిస్తుంది, ఐసుకు కావలసింది మాత్రం చోటు. ఆ 65 మిల్లీలీటర్లు ఒక్క మెడలోనే పట్టాలంటే మెడ దాదాపు 21 సెంటీమీటర్ల పొడుగు ఉండాలి.

ఇంకో సంగతి కూడా ఉంది. నీళ్లుగా ఉన్నంతసేపు సన్నటి మెడలోకి ఎక్కగలవు. ఒకసారి సీసా భుజాల దగ్గర పై పొర గడ్డకట్టిందంటే ఆ వెడల్పాటి ఐసు బిళ్ల సన్నటి మెడలోకి దూరలేదు. బిరడా కొట్టినట్టు అక్కడే బిగుసుకుంటుంది. కింద మిగిలిన నీళ్లు ఎటూ పోలేక అడుగును తోస్తాయి. కాబట్టి మెడలో ఎంత ఖాళీ ఉన్నా అది లెక్కలోకి రాదు. భుజాల్లో ఉన్నదీ సగం లెక్కే. సీసా ఒళ్లు నిటారుగా, ఒకే వెడల్పుతో ఉన్న భాగంలోనే ఐసు మొత్తం ఇమడాలి.

మా ఇంట్లో ఉన్న సీసాకు గీత ఎక్కడ పెట్టుకోవాలో ఎలా తెలుసుకోవాలి?

మా మరిది సీసాకు చేసినట్టే చెప్తాను. ఒకసారి చేసుకుంటే ఆ సీసా ఉన్నన్నాళ్లూ పనికొస్తుంది.

అది లీటరు ప్లాస్టిక్ సీసా. వంటింటి తూకం మీద ఖాళీ సీసా 30 గ్రాములు తూగింది. పొర్లే దాకా నీళ్లు పోసి, బయట తుడిచి పెడితే 1060 గ్రాములు. అంటే లోపల 1030 గ్రాముల నీళ్లు, ఒక గ్రాము ఒక మిల్లీలీటరు కాబట్టి సీసా నిజానికి 1030 మిల్లీలీటర్లు పడుతుంది. సీసా మీద రాసిన అంకె లోపల పోసి అమ్మే నీళ్లది, అంచు దాకా పట్టేది దానికంటే ఎక్కువే ఉంటుంది. అందుకే కొలుచుకోవడం మేలు.

అతను బైకు మీద తీసుకెళ్తాడు, మూత బిగించక తప్పదు. కాబట్టి 12లో 2 వదలాలి. 1030లో ఆరో వంతు తీసేస్తే 858 మిల్లీలీటర్లు. అంత పోసి చూస్తే నీళ్లు సరిగ్గా భుజం వంపు మొదలయ్యే చోటుకు వచ్చాయి. ఐసు లేచేది ఆ పైకి, అంటే వంపులోకి. అది పనికిరాదు. ఈ సీసా ఒళ్లు ఏడున్నర సెంటీమీటర్ల వెడల్పు, అందులో ఒక్కో సెంటీమీటరు ఎత్తుకు 44 మిల్లీలీటర్లు పడతాయి. 2 సెంటీమీటర్లు కిందికి దించితే మిగిలేది 770 మిల్లీలీటర్లు. వాటికి కావలసిన చోటు 69 మిల్లీలీటర్లు, అంటే ఒకటిన్నర సెంటీమీటర్లు చిల్లర. దించిన 2 సెంటీమీటర్లలో అది ఇమిడిపోతుంది.

తూకం మీద సీసాతో కలిపి 800 గ్రాములు చూపించే దాకా పోసి, అక్కడ పర్మనెంట్ మార్కర్‌తో గీత పెట్టాను. మర్నాడు పొద్దున చూస్తే ఐసు అంచు గీత మీద నుంచి లేచి, భుజానికి అగ్గిపుల్ల మందం దూరంలో ఆగింది. గూని మాత్రం మధ్యలో కాస్త పైకి ఉంది. సీసా అడుగు చదునుగానే ఉంది, బల్ల మీద నిలబడింది. అప్పటి నుంచి ఆ గీత మారలేదు, సీసాయే మారింది, ఎక్కడో చెరువు గట్టున పోగొట్టుకుని వచ్చాడు.

కాబట్టి భుజాలున్న సీసాకు రెండు గీతలు చూడాలి. ఆరో వంతు ఖాళీ గీత ఒకటి, భుజానికి 2 సెంటీమీటర్ల దిగువ గీత ఒకటి. ఏది కిందుంటే దాన్ని పాటించండి. అర లీటరు సీసాకు భుజం కింద ఒక సెంటీమీటరున్నర చాలు, రెండు లీటర్ల పొడుగు సీసాకు మూడు సెంటీమీటర్లు పైనే కావాలి.

మాకు తూకం లేదు. కొలత గ్లాసూ లేదు.

ఏదైనా చిన్న గ్లాసో గరిటో తీసుకుని సీసా నిండా ఎన్ని పడతాయో లెక్కపెట్టండి. 24 పడితే మూత బిగించే సీసాకు 20 పోయండి, మూత తీసి పెట్టే డబ్బాకు 21 పోయండి. నిటారు గోడలున్న డబ్బా అయితే అదీ అక్కర్లేదు. స్కేలు పెట్టి లోపలి ఎత్తు కొలవండి. 12 సెంటీమీటర్ల ఎత్తుకు 1 సెంటీమీటరు కనీసం, ఒకటిన్నర అయితే నిశ్చింత. పైకి వెడల్పయ్యే గిన్నెల్లో ఐసు లేచేది తక్కువ ఎత్తుకే కాబట్టి అదే కొలత పెట్టుకున్నా నష్టం లేదు.

నిమ్మరసం, బత్తాయి రసం కూడా నీళ్లలాగే పెరుగుతాయా?

కొంచెం తక్కువ పెరుగుతాయి. రసంలో నీళ్లతో పాటు చక్కెర, పులుపు, గుజ్జు ఉంటాయి. అవి కరిగి ఉన్నందువల్ల కొన్ని నీళ్లు గడ్డకట్టకుండా చిక్కటి పాకంలా ఐసు సందుల్లో మిగిలిపోతాయి. గడ్డకట్టని నీళ్లు పెరగవు కదా. అయినా నిమ్మరసంలో, బత్తాయి రసంలో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి తేడా పెద్దగా ఉండదు. నీళ్లకు పెట్టిన గీతే వీటికీ పెట్టుకోండి. సగానికి సగం చక్కెర పోసి కాచిన షర్బత్ పాకం వేరు, అది చాలా తక్కువ పెరుగుతుంది. ఫ్రీజర్లో కూడా గట్టి గడ్డ కాకుండా మెత్తగానే ఉంటుంది.

రసంతో అసలు మోసం నురగది. మిక్సీలో తిప్పిన బత్తాయి రసం పోస్తే సీసా నిండినట్టు కనిపిస్తుంది. పావుగంట ఆగితే నురగ దిగి అసలు మట్టం తెలుస్తుంది. తొందరపడి నురగ మీద కొలిస్తే రసం తక్కువ పోస్తారు, అది ఫర్వాలేదు. నురగ దిగాక ఖాళీ కనిపించింది కదా అని మళ్లీ గీత దాటి పోసేవాళ్లు ఉన్నారు, మా అత్తయ్య లాగా.

ఐసు ట్రేలో పోసుకుంటే ఈ గొడవ ఉండదు కదా?

నిమ్మరసానికి నేను ఇప్పుడు చేసేది అదే. ట్రే గుంతలు పైకి విచ్చుకుని, మూత లేకుండా ఉంటాయి కాబట్టి పగిలేదేమీ లేదు. మూడు సెంటీమీటర్ల లోతు గుంతలో అంచుకు మూడు నాలుగు మిల్లీమీటర్లు దించి పోస్తే చాలు. అంచు దాకా పోస్తే మాత్రం ఐసు లేచి పక్క గుంతలోదానితో కలిసి పలకలా అతుక్కుపోతుంది, అప్పుడు ట్రే ఎంత మెలిపెట్టినా రాదు. గట్టిపడ్డాక ముక్కలను జిప్ కవర్లో వేసుకోండి. ఒక ముక్క ఇంచుమించు ఒక కాయ రసం. గ్లాసుకు ఒకటి వేస్తే సరి.

కవర్లోనే రసం పోసి పెట్టాలంటే మూడొంతులు పోసి, గాలి పిండేసి, మూసి, ప్లేటు మీద చదునుగా పడుకోబెట్టండి. కవరు సాగుతుంది, ఐసు మందంగా అవుతుంది, అంతే. గాలి తీసేసినా ఇక్కడ ఇబ్బంది లేదు, గట్టి గోడలు లేవు కదా. ప్లేటు లేకుండా ఫ్రీజర్ జాలీ మీద పెడితే మాత్రం కవరు కమ్మీల మధ్యకు జారి గడ్డకడుతుంది. ఇక అది కరిగే దాకా రాదు.

గాజు, ప్లాస్టిక్, స్టీలు: ఏది మంచిది?

గాజు వాడాలంటే వెడల్పు మూతి ఉండి, పైనుంచి కిందికి ఒకే వెడల్పున్న పచ్చడి సీసా లాంటిది తీసుకోండి. అరలీటరు లోపు అయితే మంచిది, పైన రెండు వేళ్లు వదలండి. వేడి రసం పోసి వెంటనే ఫ్రీజర్లో పెట్టకండి, అప్పుడు ఐసు దాకా కూడా ఆగదు.

ప్లాస్టిక్‌లో మెత్తగా వంగే రకాలు ఓర్చుకుంటాయి. గట్టిగా, తేలిగ్గా ఉండే టిఫిన్ డబ్బాల్లో చాలావాటి అడుగున త్రికోణంలో 5 అంకె ఉంటుంది. ఆ ప్లాస్టిక్ చలికి పెళుసు అవుతుంది. ఖాళీ సరిగ్గా వదిలినా, తీసేటప్పుడు చెయ్యి జారి నేల మీద పడితే చీలుతుంది. కొనుక్కున్న పలచటి నీళ్ల సీసాలు ఒకటి రెండు సార్లకు అడుగు బయటికి పొంగి, బొంగరంలా ఊగుతాయి.

స్టీలు గిన్నె భేషుగ్గా పనిచేస్తుంది, మూత మాత్రం వదులుగా పెట్టాలి. రెండు పొరల ఫ్లాస్కును ఎప్పుడూ ఫ్రీజర్లో పెట్టకండి. లోపలి పొర పలచగా ఉంటుంది, ఐసు దాన్ని ఉబ్బిస్తే రెండు పొరల మధ్య ఉన్న శూన్యం పోతుంది. బయటికి ఏమీ కనిపించదు. కానీ తర్వాత అందులో కాఫీ గంటకే చల్లారిపోతుంటే కారణం అదే.

సీసాను పడుకోబెట్టి గడ్డకట్టిస్తే?

సగం నీళ్లు పోసి పడుకోబెట్టడం చాలా మంచి పద్ధతి. సగానికి సగం ఖాళీ ఉంటుంది కాబట్టి ఏ లెక్కా అక్కర్లేదు. మూతి వైపు కింద చిన్న గిన్నె పెట్టి కాస్త ఎత్తుగా ఉంచండి, మూతిలో గడ్డకట్టదు. పొద్దున మిగతా సగం మామూలు నీళ్లు పోసుకుంటే వెంటనే తాగడానికి చల్లటి నీళ్లు దొరుకుతాయి. నిండు గడ్డ తీసుకెళ్లిన మనిషి మొదటి గంట దాహంతో సీసాను చూస్తూ కూర్చోవాలి.

ఎక్కువ నీళ్లు పోసి పడుకోబెట్టడం మాత్రం వద్దు. సీసా పడుకున్నప్పుడు మెడ నడిమధ్య ఎత్తులో ఉంటుంది. మూడొంతులు నిండిన సీసాలో మెడ పూర్తిగా నీళ్లలో మునుగుతుంది. మూత దగ్గర గడ్డకట్టి, మర మీద పట్టేసి, తిప్పితే రాదు.

రాత్రి కరెంటు పోయి వచ్చింది. గీత దాకానే పోశాను, అయినా సీసా ఉబ్బింది.

సగం కరిగిన సీసాను ఎవరైనా కదిలించారేమో చూడండి. ఐసు నీళ్ల మీద తేలుతుంది. కరిగి వదులైన గడ్డ పైకి లేచి భుజాల్లోకి ఇరుక్కుంటుంది, లేదా సీసాను పక్కకు పడుకోబెడితే మెడ వైపు జారుతుంది. కరెంటు వచ్చాక అక్కడే పట్టేసుకుని బిరడా అవుతుంది, కింద నీళ్లు మళ్లీ గడ్డకడతాయి. మొదటిసారి సరిపోయిన ఖాళీ రెండోసారి తప్పు చోట ఉంటుంది. కరెంటు ఎక్కువసేపు పోయిందనిపిస్తే మూతలు ఒక చుట్టు వదులు చేసి, సీసాలు నిటారుగా పెట్టండి. రసం పూర్తిగా కరిగిపోయి ఉంటే మళ్లీ గడ్డకట్టించే బదులు ఆ రోజే వాడేయండి.

గాజు పగిలిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇది జాగ్రత్తగా చదవండి. పగిలిన గాజును ఐసు పట్టుకుని ఉంటుంది. ఫ్రీజర్లోంచి తీసినప్పుడు సీసా చెక్కు చెదరనట్టే కనిపిస్తుంది, పైన మంచు పొర ఉంటే వెంట్రుకంత చీలిక అసలు కనిపించదు. కరిగే కొద్దీ అడుగు నుంచి కారడం మొదలవుతుంది. అందుకే గాజు సీసాను ఎప్పుడూ స్టీలు గిన్నెలో నిలబెట్టి కరిగించండి. తడిగుడ్డతో మంచు తుడిచి, అడుగు అంచు చుట్టూ, భుజం వంపు చుట్టూ వెలుతురులో చూడండి. గోరు గీసినట్టు ఒక్క గీత కనిపించినా ఆ రసం పారబోయాల్సిందే. వడగట్టి వాడుకుందాం అనే ఆలోచన వద్దు, గాజు పొట్టు జల్లెడకు దొరకదు. వంద కాయల రసం పారబోసిన బాధ నాకు తెలుసు, అయినా సరే.

ప్లాస్టిక్ అయితే తేలిక. అడుగు పొంగిందా, మూత తిప్పడానికి మొరాయిస్తోందా, మూత లోపలివైపు తెల్లగా ఐసు అంటుకుందా చూడండి. వీటిలో ఒక్కటి ఉన్నా మరుసటిసారి గీత ఒక వేలు దించండి.

కూల్ డ్రింక్, గోళీ సోడా పెట్టొచ్చా?

వద్దు. నీళ్లు గడ్డకట్టే కొద్దీ అందులోని గ్యాస్‌కు ఐసులో చోటు ఉండదు, మొత్తం బయటికి వస్తుంది. కంపెనీ నింపిన సీసాలో మీరు వదలడానికి ఖాళీ కూడా లేదు.

ఐసు ఫ్యాక్టరీలో అంత పెద్ద దిమ్మలు కడతారు, వాళ్ల డబ్బాలు పగలవా?

కొత్తపట్నం, జువ్వలదిన్నె వైపు పడవలకు వెళ్లే దిమ్మలు చూసే ఉంటారు. ఒక కొస కొంచెం సన్నగా ఉంటుంది. ఆ రేకు డబ్బాలు పైకి వెడల్పుగా ఉంటాయి, పైన మూత బిగించరు. వాటిని చల్లటి ఉప్పునీటి తొట్టిలో దించుతారు, ఐసు లేవాలంటే పైకి దారి తెరిచే ఉంటుంది. డబ్బాను కాసేపు మామూలు నీళ్లలో ముంచి వంచితే దిమ్మ జారిపోతుంది. మీ ఇంట్లో మొండికేసిన ఐసు గిన్నెకూ ఇదే వైద్యం. కుళాయి నీళ్లలో అర నిమిషం ఉంచండి, గరిటతో పొడవకండి.

కరిగాక రసం పైన నీళ్లలా, అడుగున చిక్కగా ఉంది. చెడిపోయిందా?

చెడిపోలేదు. ఐసు కట్టేటప్పుడు నీళ్లు ముందు గడ్డకట్టి పులుపును, తీపిని పక్కకు నెట్టేస్తాయి. కరిగేటప్పుడు ఆ చిక్కటిది ముందు కారి అడుగుకు చేరుతుంది. పూర్తిగా కరగక ముందే వంపుకుంటే మొదటి గ్లాసు నోరు పులిసిపోయేలా, చివరి గ్లాసు చప్పగా ఉంటాయి. మొత్తం కరగనిచ్చి, మూత బిగించి, బాగా కుదిపి పోసుకోండి. అప్పుడు సీసాలో మట్టం చూస్తే మళ్లీ మీరు పెట్టిన గీత దగ్గరికే వచ్చి ఉంటుంది.